ఎండలో పనిచేసేవాళ్ల బట్టలు: నేత, రంగు, ఉతుకు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పనిచోట్ల ఎండ బట్టల మాట ఎత్తితే చాలు, తిరిగి తిరిగి అవే అనుమానాలు వస్తాయి. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడం కంటే ఒకచోట రాసిపెట్టడం నయమనిపించింది. కొనేముందు వచ్చేవి, రంగు దగ్గర వచ్చేవి, ఒంటిమీద వేసుకున్నాక వచ్చేవి, ఉతుకు దగ్గర వచ్చేవి అని విడదీశాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా జవాబు పూర్తిగా దొరుకుతుంది.

## కొనేముందు

ట్యాగ్ మీద "యూపీఎఫ్ 50" అని ఉంది. ఆ 50 దేనికి లెక్క?

బట్ట మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో (అందరూ యూవీ అనే అంటారు) యాభైలో ఒక వంతు మాత్రమే లోపలికి దిగుతుందని అర్థం. అంటే 2 శాతం. యూపీఎఫ్ 15 అయితే పదిహేనులో ఒక వంతు, సుమారు 6.7 శాతం.

దీన్ని పని గంటల్లోకి మార్చుకుంటే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఆరు గంటలు ఎండలో నిలబడ్డారనుకోండి. యూపీఎఫ్ 50 చొక్కా కింద ఉన్న చర్మానికి తగిలేది చొక్కా లేకుండా ఏడు నిమిషాలు నిలబడితే తగిలేంత. యూపీఎఫ్ 6 ఉన్న పలచటి చొక్కా అయితే అది గంటసేపు నిలబడినంత అవుతుంది. రోజూ గంట, ఏడాది పొడవునా.

సన్‌స్క్రీన్ మీద ఉండే ఎస్‌పీఎఫ్, ఇదీ ఒకటి కాదు. ఎస్‌పీఎఫ్‌ని మనిషి చర్మం ఎంతసేపటికి ఎర్రబడుతుందో చూసి తేలుస్తారు, అందులో ముఖ్యంగా లెక్కకు వచ్చేది యూవీ-బి. యూపీఎఫ్‌ని పరికరంతో కొలుస్తారు. 290 నుంచి 400 నానోమీటర్ల వరకు, అంటే యూవీ-ఎ, యూవీ-బి రెండూ, బట్టలోంచి ఎంత దిగుతున్నాయో చూస్తారు.

ట్యాగ్ లేని మామూలు చొక్కా ఎండకి పనికిరాదా?

పనికొస్తుంది. ట్యాగ్ ఉంటే ఎవరో కొలిచారని అర్థం, లేకపోతే కొలవలేదని అర్థం. అంతకుమించి ఏమీ లేదు. ముదురు నీలం డెనిమ్ మీద యూపీఎఫ్ అని ఎవరూ రాయరు, కానీ దానిలోంచి యూవీ దాదాపు ఏమీ దిగదు. చిక్కగా నేసిన ముదురు రంగు ట్విల్ లేదా డ్రిల్ పని చొక్కాలు కూడా అంతే, చాలా గట్టివి. అదే పలచటి తెల్ల కాటన్ టీషర్ట్ అయితే 5 నుంచి 7 దాకా వస్తుంది, ఎంత ఖరీదైనదైనా సరే.

ట్యాగ్ నిజంగా అక్కరకొచ్చేది తేలిక బట్టల దగ్గర. పలచగా, గాలాడేలా ఉండి కూడా యూవీని ఆపుతుందని ఎవరైనా అంటే ఆ మాట కంటితో తేల్చుకోలేం. అక్కడ మాత్రం కొలిచిన అంకె చూసి కొనడమే మంచిది.

నేత చిక్కదనం నిజంగా అంత తేడా తెస్తుందా? లెక్కేసి చెప్పండి.

తెస్తుంది. మిగతావన్నీ దాని తర్వాతే. ఒక ఉదాహరణ తీసుకుందాం.

ఒక సాదా నేత బట్టలో పడుగు, పేక రెండువైపులా సెంటీమీటరుకి 25 పోగులు ఉన్నాయనుకోండి. అంటే ఒక పోగు నడిమి నుంచి పక్క పోగు నడిమి వరకు 0.40 మిల్లీమీటర్లు. పోగు వెడల్పు 0.29 అయితే మధ్యలో 0.11 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. పడుగు సందు, పేక సందు కలిసినచోట చిన్న చదరపు కన్నం ఏర్పడుతుంది. బట్ట మొత్తంలో ఈ కన్నాల వాటా సుమారు 7.6 శాతం. కన్నంలోంచి యూవీ మొత్తం దిగిపోతుంది, దాన్ని ఆపే వస్తువే అక్కడ లేదు. కాబట్టి పోగులు ఇనుముతో చేసినా సరే, ఈ బట్టకి యూపీఎఫ్ 13 దాటదు. వందని కన్నాల శాతంతో భాగిస్తే వచ్చే అంకె ఇదే. ఆ నేతకి అదే పైకప్పు.

ఇప్పుడు పోగులు. అవి ఇనుము కాదు కాబట్టి వాటిలోంచీ కొంత దిగుతుంది. లెక్క కోసం బ్లీచ్ చేసిన తెల్ల పోగు 10 శాతం, ముదురు రంగు వేసిన పోగు 1 శాతం వదులుతాయనుకుందాం. మన వదులు నేత బట్ట తెల్లదైతే యూపీఎఫ్ 6 దగ్గర ఆగుతుంది, ముదురుదైతే 12 వరకు వస్తుంది.

అదే నూలుతో సెంటీమీటరుకి 25 బదులు 32 పోగులు పడేలా నేశారనుకోండి. సందు 0.02 మిల్లీమీటర్లకి వచ్చేస్తుంది, కన్నాల వాటా అర శాతానికి పడిపోతుంది. పైకప్పు ఒక్కసారిగా 190కి లేస్తుంది. ఈ బట్ట తెల్లదైతే యూపీఎఫ్ 10 లోపే ఉంటుంది, ముదురుదైతే 65 దాకా పోతుంది.

చూశారా? వదులు నేతలో రంగు మారిస్తే రక్షణ రెండింతలయింది, అంతే. చిక్కటి నేతలో అదే రంగు దాన్ని ఆరేడు రెట్లు చేసింది. ఎంత దూరం వెళ్లగలమో నేత తేలుస్తుంది, అందులో ఎంత దూరం వెళ్లామో రంగు తేలుస్తుంది. నిజం బట్టలో పోగులు ఇంత తీరుగా ఉండవు, నూలు పీచు లేచి కన్నాలని కొంత మూస్తుంది, అంకెలు అటూ ఇటూ అవుతాయి. వరస మాత్రం మారదు.

చొక్కాని వెలుతురుకి పట్టి చూస్తే తెలిసిపోతుందా?

పనికిరాని బట్టని పక్కన పెట్టడానికి ఈ పరీక్ష చాలా బాగుంటుంది, మంచి బట్ట ఇదేనని తేల్చడానికి మాత్రం చాలదు.

బట్టని ఒక వరస మాత్రమే ఉండేలా పట్టుకుని వెనకనుంచి ఫోన్ టార్చ్ వేయండి. సూదిమొనల్లాంటి చుక్కలు విడివిడిగా మెరుస్తుంటే అవి పోగుల మధ్య సందులు. అలాంటి బట్ట ఎండకి వద్దు, ఇంక ఆలోచించక్కర్లేదు. చుక్కలు లేకుండా బట్టంతా ఒకేలా వెలుగుతుంటే సందులు మూసుకున్నాయి గానీ పోగుల్లోంచి వెలుతురు దిగుతోందని అర్థం. చిక్కటి తెల్ల బట్టలు ఇలాగే కనిపిస్తాయి. ఇక్కడే చిక్కు. మన కన్ను చూసేది మామూలు వెలుతురు, యూవీ కాదు. ఒకేలా వెలిగే రెండు బట్టల్లో ఒకటి యూవీని బాగా ఆపుతూ ఉండొచ్చు, రెండోది వదిలేస్తూ ఉండొచ్చు. టార్చ్ వేసినా చీకటిగా ఉండిపోయిన ముదురు బట్ట అయితే నిశ్చింతగా తీసుకోవచ్చు.

కొట్లో చూసేటప్పుడు భుజం దగ్గర, జేబు దగ్గర చూడకండి. అక్కడ రెండు వరసలుంటాయి, మోసపోతారు. వీపు మధ్యలో చూడండి.

మందంగా ఉన్న బట్టయితే చాలు కదా?

చాలాసార్లు అవును, ఎప్పుడూ కాదు. లావు నూలుతో వదులుగా అల్లిన బట్ట చేతికి బరువుగా తగులుతుంది, కానీ దాని సందుల్లోంచి వేలు గోరు కనిపిస్తుంది. సన్న నూలుతో చిక్కగా నేసిన తేలిక బట్ట దానికంటే మేలు. ఒకే రకం నేత, ఒకే రంగు అయినప్పుడు మాత్రం బరువైనదే ఎక్కువ ఆపుతుంది.

కాటన్ మంచిదా, పాలిస్టర్ మంచిదా?

యూవీ ఒక్కటే చూస్తే, నేతా రంగూ ఒకేలా ఉన్నప్పుడు పాలిస్టర్‌దే పైచేయి. ఆ పీచు అణువుల్లోనే యూవీ-బిని మింగే గుణం ఉంది, రంగు వేయకపోయినా అది పనిచేస్తుంది. యూవీ-ఎ దగ్గర మాత్రం అంత గట్టిగా ఉండదు. మెరుపు తగ్గించడానికి పీచులో కలిపే టైటానియం డయాక్సైడ్ అక్కడ కొంత సాయపడుతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 13758లో యూపీఎఫ్ 40 దాటడంతో పాటు యూవీ-ఎ సగటున 5 శాతం లోపే దిగాలని విడిగా షరతు పెట్టడం ఇలాంటి బట్టల దగ్గర అక్కరకొస్తుంది.

కాటన్‌లో బ్లీచ్ చేసినదానికీ చేయనిదానికీ తేడా ఉంది. ముడి పత్తిలో సహజంగా ఉండే రంగు పదార్థాలు యూవీని కొంత పీల్చుకుంటాయి. తెల్లగా చేసే పనిలో అవి పోతాయి. గోధుమ రంగు ముతక కాటన్ తెల్లటి మెత్తటి కాటన్ కంటే మెరుగ్గా ఆపేది ఇందుకే. విస్కోస్ అంటే రేయాన్, పలచటిదైతే, ఎండ పనికి నేను ఎవరికీ చెప్పను.

చెమట, వేడి, నిప్పురవ్వలు పడే పనా కాదా అన్నవీ చూసుకోవాలి. వెల్డింగ్ దగ్గర పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. అక్కడ యూపీఎఫ్ సంగతి తర్వాత.

## రంగు దగ్గర

తెలుపు ఎండని తిప్పికొడుతుంది కదా? మరి తెల్ల చొక్కాయే మంచిది కాదా?

తెలుపు తిప్పికొట్టేది కంటికి కనిపించే వెలుతురుని, దానితో వచ్చే వేడిలో కొంత భాగాన్ని. అందుకే చల్లగా అనిపిస్తుంది, ఆ మాట నిజమే. యూవీ దగ్గర కథ వేరు. బ్లీచ్ చేసిన తెల్ల కాటన్ పోగు మీద పడిన యూవీ పోగులో అటూ ఇటూ చెదిరి, అందులో కొంత లోపలివైపుకి దిగుతుంది. దారిలో దాన్ని మింగే పదార్థం లేదు.

రంగు అద్దినప్పుడు పోగులోకి వెళ్లిన అణువులు చేసే పని సరిగ్గా అదే, కిరణాన్ని మింగేయడం. ఎక్కువ రంగు పడితే ఎక్కువ మింగుతుంది కాబట్టి ఒకే బట్టలో లేత రంగు కంటే ముదురు రంగు ఎప్పుడూ మెరుగు. నలుపు, నేవీ బ్లూ మాత్రమే అనుకోకండి. ముదురు ఎరుపు, చిక్కటి పసుపు, సీసా ఆకుపచ్చ కూడా బాగా ఆపగలవు. కంటికి కనిపించే రంగుకీ యూవీని మింగే శక్తికీ నేరుగా లంకె లేదు, అది ఏ రంగు రసాయనం వాడారన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే రెండు వేరువేరు బట్టల్ని రంగు చూసి పోల్చకూడదు.

నల్లటిది వేసుకుంటే ఉడికిపోతాం కదా?

ఈ భయం సబబైనదే. నేలకి చేరే ఎండ శక్తిలో యూవీ వాటా సుమారు 5 శాతమే. మనకి వేడి పుట్టించేదంతా మిగతా భాగం. అంటే యూవీ ఆపడం, వేడి తగ్గించడం రెండు వేరువేరు పనులు, ఒకదాని కోసం చేసింది రెండోదాన్ని చెడగొట్టగలదు. యూవీ హాని ఏళ్ల మీద పేరుకుంటుంది, వడదెబ్బ మధ్యాహ్నానికే పడేస్తుంది. రెండిట్లో ఒకటే ఎంచుకోవలసి వస్తే వడదెబ్బనే ముందు చూడాలి.

కానీ చాలావరకు అంత ఇరకాటం రాదు. చొక్కా వదులుగా ఉంటే బట్ట మింగిన వేడి చర్మం దాకా రాకముందే లోపల తిరిగే గాలి దాన్ని పట్టుకుపోతుంది. ఎడారిలో బెదూయిన్లు నల్లటి అంగీలు ఎందుకు వేసుకుంటారని 1980లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నల్ల అంగీ ఎక్కువ వేడి పీల్చుకున్న మాట నిజమే, ఆ అదనపు వేడి ఒంటిని చేరలేదని అందులో తేలింది. అవి బాగా వదులుగా ఉండే అంగీలని మరిచిపోవద్దు. బిగుతు నల్ల టీషర్ట్‌కి ఆ లెక్క అతకదు.

నా సలహా అడిగితే నలుపు దాకా పోనక్కర్లేదు. చిక్కటి నేతలో మధ్యస్థపు రంగు, అంటే ముదురు ఖాకీ, మట్టి రంగు, నీలం, ఒక సైజు వదులుగా తీసుకోండి.

మెరిసే రేడియం జాకెట్ వేసుకుంటున్నాం. అది ఎండకీ సరిపోతుందా?

ఆ మెరిసే పసుపు, నారింజ రంగు మంచిదే. అది యూవీని కొంత మింగి కనిపించే వెలుతురుగా వదులుతుంది, అంత కొట్టొచ్చినట్టు కనిపించడం అందువల్లే. కానీ చాలా జాకెట్లు జల్లెడలాంటి బట్టతో, చేతుల్లేకుండా వస్తాయి. కన్నంలో రంగు ఉండదు. కాబట్టి జాకెట్‌ని కనిపించడం కోసం వేసుకోండి, ఎండ సంగతి లోపలి పొడుగు చేతుల చొక్కాకి వదిలేయండి. ఎండలో ఈ రంగు తొందరగా చస్తుంది కూడా. పాలిపోయిన జాకెట్ రెండు పనులకీ పనికిరాదు.

## ఒంటిమీద వేసుకున్నాక

చెమటకి చొక్కా తడిసిపోతుంది. అప్పుడు రక్షణ తగ్గుతుందా?

కాటన్ అయితే తగ్గుతుంది, బాగానే తగ్గుతుంది. పొడిగా ఉన్నప్పుడు 7 ఉండే తెల్ల టీషర్ట్ తడిస్తే 3కి పడిపోతుంది. పొడి బట్టలో పీచుకీ పీచుకీ మధ్య గాలి ఉంటుంది. కిరణం ఆ అంచుల దగ్గర పదేపదే చెదురుతూ దారి తప్పుతుంది. ఆ గాలి స్థానంలో నీళ్లు చేరితే చెదరడం తగ్గి కిరణం సాఫీగా దిగిపోతుంది. తడిసిన తెల్ల బట్టలోంచి ఒళ్లు కనిపించడం కూడా ఇందుకే. ఇది మాత్రం కంటితో చూసి నమ్మదగ్గ గుర్తు.

ముదురు రంగు చిక్కటి బట్టలో ఈ దెబ్బ తక్కువ, ఎందుకంటే అక్కడ కిరణాన్ని ఆపేది ముఖ్యంగా రంగు, గాలి కాదు. ట్యాగ్ మీద అంకె సాధారణంగా పొడి బట్టకి, సాగదీయకుండా పరిచి కొలిచినది. కాబట్టి రోజంతా తడిసే పనైతే ఆ అంకెని ఉన్నది ఉన్నట్టు తీసుకోకండి. నానిన చొక్కా మార్చుకోవడానికి రెండోది ఉంచుకోవడం మేలు.

బిగుతుగా ఉండే టీషర్ట్, చేతి తొడుగులు వాడొచ్చా?

వాడొచ్చు, సైజు సరిగ్గా చూసుకుంటే. అవి నేసినవి కావు, అల్లినవి. అల్లిక సాగుతుంది, సాగినప్పుడల్లా సందులు తెరుచుకుంటాయి. మోచేయి ముడిచినప్పుడు వెనకవైపు, వంగినప్పుడు వీపు పైభాగం ఎక్కువ సాగుతాయి. సరిగ్గా ఎండ తగిలేది కూడా అక్కడే! తొడుక్కుని, చేయి ముడిచి, మోచేతి దగ్గర చూడండి. బట్ట రంగు లేతబడి చర్మం రంగు కనిపిస్తే ఒక సైజు పెద్దది తీసుకోవాలి.

లోపల బనియన్ వేసుకుంటే కలిసొస్తుందా?

బాగానే. ఆరింట ఒక వంతు వదిలే రెండు బట్టలు ఒకదానిమీద ఒకటి పడితే కాగితం మీద లెక్క ముప్ఫైఆరో వంతు. నిజంలో బనియన్ సాగి, తడిసి ఉంటుంది కాబట్టి అంత రాదు. అయినా పెరుగుతుంది.

మీ చొక్కా సంగతి తేల్చే ఒక గుర్తు కూడా బనియనే. కొన్ని నెలలు ఒకేలాంటి చొక్కాలతో ఎండలో పనిచేశాక అద్దంలో చూసుకోండి. వీపు మీద, భుజాల మీద బనియన్ పట్టీల మేర తెల్లగా ఉండి పక్కనంతా నల్లబడి ఉంటే, చొక్కా యూవీని వదిలేస్తోందని మీ ఒంటిమీదే రాసి ఉన్నట్టు. ఏ పరికరమూ ఇంత తేటగా చెప్పదు.

నిండా బట్టలుంటే సన్‌స్క్రీన్ అక్కర్లేదా?

బట్ట కప్పినచోట అక్కర్లేదు. మెడ వెనక, చెవులు, చేతుల వెనకభాగం మిగిలిపోతాయి. యూవీ సూర్యుడి వైపునుంచే కాదు, ఆకాశం నలువైపుల నుంచీ చెదిరి వస్తుంది, ఇసుక మీదనుంచి మరికొంత పైకి లేస్తుంది. కాలర్ ఎత్తి, చేతులు మణికట్టు దాకా దించుకుంటే రాసుకోవలసిన చోటు తగ్గుతుంది.

## ఉతుకు దగ్గర

ఉతికేకొద్దీ రక్షణ తగ్గిపోతుందట, నిజమేనా?

కాటన్‌లో మొదట జరిగేది దీనికి సరిగ్గా ఎదురు. కొత్త కాటన్ బట్ట తొలి ఉతుకుల్లో కుంచించుకుంటుంది, పోగులు దగ్గరవుతాయి, నూలు ఉబ్బి పీచు లేస్తుంది. సందులు మూసుకుంటాయి, రక్షణ పెరుగుతుంది.

ఎంత అంటారా? సెంటీమీటరుకి 25 పోగులు, పోగు వెడల్పు 0.29 మిల్లీమీటర్లు ఉన్న బట్ట తీసుకోండి. కొత్తగా ఉన్నప్పుడు దాని కన్నాల వాటా 7.6 శాతం. రెండువైపులా 5 శాతం కుంచించుకుంటే సందు 0.11 నుంచి 0.09 మిల్లీమీటర్లకి తగ్గి కన్నాల వాటా 5.6 శాతానికి వస్తుంది. ముదురు రంగుదైతే యూపీఎఫ్ 12 నుంచి 15కి పోతుంది. 5 శాతం కుంచింపు అంటే చొక్కా కొద్దిగా పొట్టిదయిందని విసుక్కునేంత. ఆ పొట్టిదనమే మీకు పనికొచ్చింది. కాబట్టి కొత్త కాటన్ పని చొక్కాని ఒక సైజు పెద్దది కొని, రెండుమూడుసార్లు ఉతికాక ఎండలోకి వేసుకెళ్లడం తెలివైన పని.

ఆ తర్వాత చాలాకాలం పెద్ద మార్పు ఉండదు. తగ్గడం మొదలయ్యేది రాపిడి వల్ల పోగు సన్నబడినప్పుడు, రంగు పోయినప్పుడు. అంటే కాటన్ చొక్కా రక్షణ ముందు ఎక్కి, నిలబడి, ఆఖరున దిగుతుంది. పాలిస్టర్ పెద్దగా కుంచించుకోదు కాబట్టి దానికి ఆ మొదటి లాభం లేదు. కానీ దాని గుణం పీచులోనే ఉంది, ఉతుకుతో పోదు.

పైపూతతో వచ్చిన యూపీఎఫ్ ఎన్ని ఉతుకులకి నిలుస్తుంది?

ట్యాగ్ ఏ పద్ధతి ప్రకారం ఇచ్చారన్నదాన్ని బట్టి చెప్పాలి. అమెరికాలో వాడే ఏఎస్‌టీఎం డీ6544 పద్ధతిలో బట్టని 40 సార్లు ఉతికి, లెక్క ప్రకారం కృత్రిమ ఎండలో కూడా ఉంచాక కొలుస్తారు. అంటే అరిగిన స్థితిలో అంకె. ఈఎన్ 13758 ప్రకారం, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 4399 ప్రకారం కొలిచేది కొత్త బట్టని.

బట్ట నేతే చిక్కటిదై, పీచే యూవీని ఆపేదైతే ఈ తేడా పెద్దగా బాధించదు. పలచటి బట్టకి యూవీ రసాయనం పూతగా పట్టించి 50 తెప్పించినచోటే చూసుకోవాలి. అలాంటి పూత ఉతికినప్పుడల్లా కొంత కొంత పోతుంది. ట్యాగ్ మీద ఎన్ని ఉతుకుల వరకు అని రాసి ఉంటే వారానికి మూడు ఉతుకుల లెక్కన చూసుకోండి. 40 ఉతుకులంటే మూడు నెలల పైచిలుకు, అంతే.

తెల్లగా మెరిపించే సబ్బు పొడి వాడితే యూవీ రక్షణ పెరుగుతుందని విన్నాను. నిజమేనా?

వినడానికి ప్రకటనలా ఉంది గానీ నిజమే, కాటన్ వరకు. అలాంటి పొడుల్లో ఆప్టికల్ బ్రైటెనర్ అనే పదార్థం ఉంటుంది. అది యూవీని, ముఖ్యంగా యూవీ-ఎని, మింగి నీలి వెలుతురుగా వదులుతుంది. ఆ నీలం కలిసి బట్ట మరింత తెల్లగా కనిపిస్తుంది. తెల్లదనం కోసం వేసినది యూవీనీ కొంత తగ్గిస్తోందన్నమాట. ప్రతి ఉతుకులో కొంచెం కొంచెం పేరుకుంటుంది. పాలిస్టర్‌కి సబ్బు పొడిలోని బ్రైటెనర్ సరిగా పట్టదు.

అయితే ఇది పోగుని మెరుగుపరుస్తుంది, కన్నాన్ని కాదు. జల్లెడలాంటి చొక్కాని ఏ పొడితో ఉతికినా అది జల్లెడే. నీలిమందు సంగతీ అడుగుతుంటారు. అది పసుపుదనాన్ని కప్పే లేత నీలం రంగు మాత్రమే, దాన్ని యూవీ లెక్కలోకి తీసుకోకండి.

బ్లీచ్, ఎండలో ఆరేయడం, బ్రష్‌తో రుద్దడం: వీటిలో ఏది ఎక్కువ చెడగొడుతుంది?

బ్లీచ్. అది రంగుని తీసేస్తుంది, కాటన్ పీచుని బలహీనం చేస్తుంది, సాగే బట్టలో ఉండే ఎలాస్టేన్‌ని పాడుచేస్తుంది. ఎలాస్టేన్ చస్తే బట్ట సాగి వెనక్కి రాదు, అల్లిక తెరుచుకునే ఉండిపోతుంది.

తర్వాతది రుద్దుడు. కాలర్, భుజాలు మట్టిపట్టి ఉంటాయని అక్కడే బ్రష్‌తో అరగదీస్తాం, ఎండ పడేదీ అక్కడే. రాత్రి సబ్బునీళ్లలో నానబెట్టి ఉదయం చేత్తో నలిపితే చాలావరకు పోతుంది. ఎండలో ఆరేయడం వల్ల పోయేది రంగు. చొక్కా తిరగేసి, వీలైతే నీడలో ఆరేస్తే అది మిగులుతుంది. బట్టని మెత్తబరిచే ద్రావణాలు పీచు మీద పొరలా పట్టి చెమట పీల్చడాన్ని తగ్గిస్తాయి, చెమట పీల్చే పాలిస్టర్ చొక్కాలకి వాటిని మానేయండి.

రంగు వెలిసిపోయింది, బట్ట మాత్రం గట్టిగానే ఉంది. ఇంకా వాడొచ్చా?

నేతని బట్టి ఉంటుంది. డెనిమ్, మందపాటి డ్రిల్ అయితే వాడండి. వెలిసిన జీన్స్ కూడా చాలా ఆపుతుంది. తేలిక కాటన్ చొక్కా అయితే అది కొంటున్నప్పుడు మీరు నమ్ముకున్నదే రంగుని, అది పోతే బట్ట దాదాపు తెల్లబట్ట లెక్కలోకి వస్తుంది. ఎంత వెలిసిందో తెలియాలంటే కాలర్ మడత లోపలి రంగునీ భుజం మీది రంగునీ పక్కపక్కన పెట్టి చూడండి. మళ్లీ రంగు అద్దించుకోవచ్చు కూడా, ముదురుగా అద్దిస్తే రక్షణ నిజంగానే తిరిగి వస్తుంది.

చొక్కాని ఎప్పుడు ఎండ పనినుంచి తప్పించాలి?

కాలం లెక్క పెట్టుకోకండి, చోటు చూడండి. చొక్కా అంతా ఒకేలా అరగదు. మోపులు, పైపులు, సంచులు మోసేవాళ్లకి భుజం ముందు పోతుంది. వంగి చేసే పనైతే వీపు పైభాగం వెలుస్తుంది. డ్రైవర్లకి కిటికీ వైపు చేయి.

నేను చూసే పద్ధతి ఇది. చొక్కా కింది అంచుని, అంటే ప్యాంటులోకి దోపుకునే భాగాన్ని, కొత్త బట్ట నమూనా అనుకోండి. అది ఎండ చూడదు, పెద్దగా రాపిడీ పడదు. చీకటి గదిలో ఫోన్ టార్చ్ మీద ముందు ఆ అంచుని పరచండి, తర్వాత భుజాన్ని ఒక్క వరసగా పరచండి. అంచు చీకటిగా ఉండి భుజంలో చుక్కలు కనిపిస్తే పోగులు అరిగాయి, ఆ చొక్కా ఎండ పనికి అయిపోయింది. చుక్కలు లేవు గానీ భుజం మొత్తంగా వెలుగుతోందంటే పోయింది రంగు, నేత ఇంకా ఉంది. దానికి మళ్లీ రంగు అద్దించొచ్చు, లేదా పాత చొక్కా వీపు బట్టనే కత్తిరించి భుజాల లోపల రెండో వరసగా కుట్టించుకోవచ్చు. నా చొక్కాలు రెండు ఇలా మరో ఏడాది వచ్చాయి.

ఆ అంచు కూడా వెలుగుతుంటే మాత్రం అది అరగడం కాదు, కొన్నప్పుడే బట్ట అంత. దాన్ని నీడపట్టున చేసే పనులకి మార్చేయండి.